చర్చి కప్పుల సీసం, కోట గోడల మీద రాళ్లు

1304 వేసవి మొదట్లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్‌లోని స్టెర్లింగ్ కోటను చుట్టుముట్టాడు. కోట ఎత్తైన బండ మీద ఉంది. లోపల విలియం ఆలిఫాంట్ అనే యోధుడి కింద చిన్న దండు ఉంది. ఎడ్వర్డ్ దగ్గర రాళ్లు రువ్వే యంత్రాలు డజనుకు పైగానే ఉన్నా, వాటికి బరువులు చాల్లేదు. దాంతో కొడుక్కి కబురు పంపాడు: పెర్త్, డన్‌బ్లేన్ చుట్టుపక్కల చర్చిల కప్పుల మీదున్న సీసం రేకులు ఊడబెరికి తీసుకురా, బలిపీఠాల మీది కప్పు మాత్రం ముట్టుకోవద్దు.

దేవుడి ఇంటి కప్పు పీకించడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. మరి మట్టి, రాళ్లు ఎక్కడైనా దొరికేవే కదా, అంత అప్రతిష్ఠ కొనితెచ్చుకుని సీసమే ఎందుకు కావాలన్నాడు? దీనికి జవాబు కావాలంటే ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఈ యంత్రాన్ని ట్రెబుషే అంటారు. పైకి కనిపించేంత జటిలమైంది కాదు. రెండు ఎత్తైన చట్రాల మధ్య ఒక ఇరుసు, దాని మీద ఊగే ఒక పెద్ద దూలం. ఇరుసు దూలం మధ్యలో ఉండదు, ఒక కొసకు బాగా దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఒకవైపు పొట్టి చేయి, రెండోవైపు పొడవు చేయి. పొట్టి చేతికి మట్టో రాళ్లో సీసమో నింపిన పెద్ద చెక్కపెట్టె వేలాడుతుంది. పొడవు చేతి కొసకు ఒక వడిసెల ఉంటుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాడి చేతిలో ఉండే వడిసెల ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే మనిషి చేతికి బదులు దూలం తిప్పుతుంది. రెండు తాళ్లు, మధ్యలో రాయి పట్టే తోలు జోలె. ఒక తాడు దూలానికి గట్టిగా కట్టేసి ఉంటుంది. రెండో తాటి చివర ఉన్న ఉంగరాన్ని దూలం కొసలో ఉన్న ఇనుప ములుకుకు ఊరికే తగిలిస్తారు.

దీనికి ముందు తరం యంత్రాల్లో పెట్టె ఉండేది కాదు, పొట్టి చేతికి కట్టిన తాళ్లను పదులకొద్దీ మనుషులు ఒక్కసారిగా లాగేవాళ్లు. ఎంత తర్ఫీదు ఇచ్చినా ప్రతిసారీ అందరూ ఒకే క్షణంలో, ఒకే బలంతో లాగలేరు. పెట్టెకు అలుపు లేదు. నిన్న ఎంత బలంతో పడిందో ఇవాళా అంతే బలంతో పడుతుంది. అందుకే ఒకే చోట రాయి మీద రాయి పడేలా కొట్టడం దీంతోనే సాధ్యమైంది.

ఎడ్వర్డ్ యంత్రాల కొలతలు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి, ఆ కాలానికి తగిన ఒక మామూలు యంత్రాన్ని ఊహించుకుందాం. దూలం పొడవు 12 మీటర్లు. పొట్టి చేయి 2 మీటర్లు, పొడవు చేయి 10 మీటర్లు. పెట్టె బరువు 6,000 కిలోలు. రాయి బరువు 60 కిలోలు, అంటే ఒక మనిషంత. రాయి ఒకటికి బరువు నూరు, కాస్త అటూఇటూగా ఈ నిష్పత్తి ట్రెబుషేలకు బాగా నప్పుతుంది.

ముందు యంత్రాన్ని ఎక్కుపెట్టాలి. తాడు చుట్టుకునే దుంగకు కడ్డీలు దూర్చి తిప్పితే పొడవు చేయి కిందికి దిగుతుంది, పెట్టె పైకి లేస్తుంది. పెద్ద యంత్రాల్లో మనుషులు నిలువెత్తు చక్రాల్లోకి దూరి నడుస్తూ ఈ పని చేసేవాళ్లు. ఇంగ్లండ్‌లోని వారిక్ కోటలో 2005లో నిలబెట్టిన 18 మీటర్ల ఎత్తు ట్రెబుషేని అలాగే తొక్కి ఎక్కుపెట్టేవాళ్లు. మన లెక్కలో దూలం కొస నేలకు ఆనేసరికి పెట్టె 3.4 మీటర్లు పైకి చేరుతుంది. 6 టన్నుల్ని అంత ఎత్తు లేపడానికి పట్టే శక్తి సుమారు 2 లక్షల జూళ్లు. రాపిడిని పక్కనపెడితే, ఎనిమిది మంది నిలకడగా అయిదారు నిమిషాలు చేసే కష్టం అది. దూలాన్ని కొక్కెంతో బిగిస్తారు. వడిసెలను దూలం కింద ఉన్న చెక్క దోనెలోకి వెనక్కి మడిచి పరిచి, జోలెలో రాయి పెడతారు. కొక్కెం తీయగానే ఆ అయిదారు నిమిషాల కష్టమంతా ఒకటి రెండు సెకన్లలో ఖర్చయిపోతుంది.

ఆ శక్తి మొత్తం రాయికే చేరితే రాయి 680 మీటర్లు పోవాలి. ఇది యంత్రం ఎంత బాగా చేసినా దాటలేని హద్దు. రాయి బరువుకు పెట్టె బరువు ఎన్ని రెట్లో, దాన్ని పెట్టె పడిన ఎత్తుతో గుణించి, మళ్లీ రెండుతో గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది. నూరు రెట్లు, 3.4 మీటర్లు, రెండింతలు. దూలం పొడవు గానీ, వడిసెల పొడవు గానీ ఈ హద్దును పెంచలేవు. ఆ హద్దుకు ఎంత దగ్గరగా పోగలమో తేల్చేది మాత్రం అవే. అసలు పనితనమంతా అక్కడే ఉంది.

వడిసెల లేకుండా, దూలం కొసన గిన్నెలాంటిది పెట్టి అందులో రాయి ఉంచామనుకోండి. పొడవు చేయి పొట్టి చేతికి అయిదు రెట్లు కాబట్టి రాయి వేగం పెట్టె వేగానికి అయిదు రెట్లే. చూడ్డానికి బాగానే ఉంది. కానీ పెట్టె రాయికి నూరు రెట్ల బరువున్నది, అదీ కదులుతోంది. ఆ కదలిక కూడా శక్తే. లెక్క వేస్తే రాయికి అందేది అయిదో వంతు, మిగిలిన నాలుగు వంతులు పెట్టెలోనే ఉండిపోతాయి. రాయి వెళ్లిపోయాక ఆ శక్తితో పెట్టె ఊగి ఊగి చట్రాన్ని కుదిపేస్తుంది. రాయి మహా అయితే 130 మీటర్లు పోతుంది. కోట మీది విలుకాళ్ల బాణాలు అంతకన్నా దూరం వస్తాయి. అలాంటి యంత్రం దగ్గర నిలబడేందుకు వడ్రంగి ఎవడూ ఒప్పుకోడు.

ఇప్పుడు పొడవు చేయి ఎంతుందో అంత వడిసెల కడదాం, 10 మీటర్లు. వదిలే ముందు వడిసెల దూలంతో పాటు ఒకే గీతలోకి సాగినప్పుడు రాయి ఇరుసుకు 20 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే పెట్టె వేగానికి పది రెట్లు. రాయి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది, శక్తిలో రాయి వాటా అయిదో వంతు నుంచి సగానికి పెరుగుతుంది. రాయి పడే చోటు 340 మీటర్ల దూరానికి జరుగుతుంది. మరో 10 మీటర్ల తాడు చేసిన పని ఇది.

అంత పొడవు దూలమే పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. 22 మీటర్ల దూలం దొరకడం మాట అటుంచి, దొరికినా దాని బరువే యంత్రాన్ని మింగేస్తుంది. కలప కొస వేగంగా తిరగాలంటే ఆ కలపకూ శక్తి పోయాలి, అది రాయితో పాటు ఎగిరిపోదు, వృథా. తాటికి బరువు లేదన్నట్టే లెక్క. అందుకే మంచి వడ్రంగులు దూలాన్ని కూడా ఇరుసు దగ్గర లావుగా, కొసకు పోయేకొద్దీ సన్నగా చెక్కేవాళ్లు.

వడిసెలలో ఇంకో గొప్పతనం ఉంది. అది మొదట్లో దూలం కింద ముడుచుకుని ఉంటుంది. పెట్టె కదలడం మొదలుపెట్టినప్పుడు రాయి ఇరుసుకు దగ్గర్లోనే, దోనెలో జారుతూ ఉంటుంది. కాబట్టి మొదట్లో పెట్టె మీద రాయి భారం పెద్దగా పడదు, పెట్టె వేగం పుంజుకుంటుంది. ఆ తర్వాత రాయి నేల వదిలి బయటికి విసురుకుంటూ లేస్తుంది. అలా బయటికి పోతూ వడిసెల దూలం కొసను వెనక్కి పట్టి లాగుతుంది. దూలం నెమ్మదిస్తుంది, దాంతో పెట్టె కూడా నెమ్మదిస్తుంది. పెట్టె పోగొట్టుకున్న వేగం తాటి గుండా రాయిలోకి పోతుంది. బాగా కుదిరిన యంత్రంలో రాయి వదిలే క్షణానికి దూలం దాదాపు నిటారుగా నిలిచి, పెట్టె దాని కింద ఇంచుమించు కదలకుండా వేలాడుతుంది. పెట్టెను దూలానికి బిగించేయకుండా ఊగేలా వేలాడదీయడం కూడా ఇందుకు సాయపడుతుంది. అప్పుడది విల్లులా వంపు తిరక్కుండా దాదాపు నిలువుగా పడుతుంది.

యంత్రం కుదిరిందో లేదో చెప్పడానికి రాయి వైపు చూడక్కర్లేదు, పెట్టె వైపు చూస్తే చాలు. రాయి వెళ్లాక పెట్టె ఇంకా విరుచుకుపడి ఊగుతుంటే, రాయికి అందాల్సింది అందలేదని అర్థం. ఆ మిగిలిన శక్తి చట్రం కీళ్ల మీద, ఇరుసు మీద పడి యంత్రాన్ని రోజురోజుకీ విప్పేస్తుంది.

ఇక రాయి ఎప్పుడు వదలాలనేది. దీన్ని ఎవరూ చేత్తో వదలరు. రాయి చుట్టు తిరిగి ముందుకు వస్తున్నప్పుడు వడిసెలకూ దూలానికీ మధ్య కోణం మారుతుంటుంది. అది ఒక స్థాయికి రాగానే ములుకుకు తగిలించిన ఉంగరం దానంతటదే జారిపోతుంది, జోలె విచ్చుకుంటుంది, రాయి బయటపడుతుంది. ములుకు వంపే ఆ స్థాయిని నిర్ణయిస్తుంది. దూలం గీతలోనే తిన్నగా ఉంటే ఉంగరం తొందరగా జారుతుంది, ముందుకు వంచితే ఇంకాసేపు పట్టి ఉంచుతుంది.

వడిసెల పొడవు కూడా ఇదే పని చేస్తుంది. పొట్టి వడిసెల త్వరగా చుట్టు తిరిగి వచ్చేస్తుంది, దూలం ఇంకా నిటారు కాకముందే రాయి వదిలిపోతుంది. అప్పుడు రాయి దూరం పోయే బదులు ఆకాశంలోకి పోతుంది. పొడవు మరీ ఎక్కువైతే వడిసెల వెనకబడుతుంది, దూలం నిటారు దాటి ముందుకు వాలాక గానీ రాయి వదలదు. అది కోటకు చేరకుండా ముందున్న నేలను గుద్దుతుంది. రాయి ఎక్కువ ఎత్తుకు లేస్తే తాడు కొంచెం వదలాలి, లేదా ములుకు వంచాలి. నేలను కొడితే తాడు బిగించాలి. ఆ కాలపు యంత్రగాడి రోజువారీ పని చాలా మటుకు ఇదే. పెట్టెలో మట్టి ఎత్తిపోయడం, తీసేయడం గంటల పని, తాడు ముడి మార్చడం నిమిషాల పని.

ఇందులో కొంత వెసులుబాటు కూడా ఉంది. గాలి అడ్డు లేదనుకుంటే 45 డిగ్రీల వాలున వదిలిన రాయి అన్నిటికన్నా దూరం పోతుంది, మన యంత్రంలో 340 మీటర్లు. పది డిగ్రీలు అటో ఇటో తప్పినా 320 వరకు పోతుంది, నష్టం పెద్దగా లేదు. 60 డిగ్రీలకు 295కు దిగుతుంది. 75 డిగ్రీలకు ఒక్కసారిగా సగం, 170 మీటర్లు. ఆ తర్వాత దూరం గబగబా తరిగిపోతుంది. 90 డిగ్రీలకు చేరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రాయి బరువు విషయంలో మాత్రం ఇంత వెసులుబాటు లేదు. 60 కిలోల రాయికి బదులు 66 కిలోల రాయి పెడితే అది 16 మీటర్లు ముందే పడుతుంది. బురుజు మూలను గురిపెట్టినవాడికి 16 మీటర్లంటే గురి తప్పినట్టే. అందుకే దొరికిన బండ దొరికినట్టు విసిరేవాళ్లు కాదు. రాతిపనివాళ్లు ముట్టడి శిబిరంలోనే కూర్చుని, ఒకే బరువు వచ్చేలా రాళ్లను గుండ్రంగా చెక్కేవాళ్లు. డెన్మార్క్‌లోని న్యుకోబింగ్ ఫాల్‌స్టర్‌లో 1989లో పాత పద్ధతిలో ట్రెబుషే కట్టి చూసినప్పుడు, సమాన బరువున్న రాళ్లు ఒకదాని పక్కన ఒకటి దగ్గరదగ్గరగా పడటం గమనించారు.

దూరం చాలకపోతే పెట్టె బరువు రెట్టింపు చేస్తే సరిపోదా? 12 టన్నులు పెడితే రాయి 680 మీటర్లు పోతుందనుకుంటే పొరపాటు. మన లెక్కలో అది 450 మీటర్ల దగ్గరే ఆగుతుంది. కారణం తేలిక. పెట్టె ఎంత బరువున్నా కొండ మీంచి జారిన రాయి కంటే వేగంగా పడలేదు. భూమి దాన్ని లాగే తీరు అంతే. బరువు పెరిగేకొద్దీ పెట్టె ఆ గరిష్ఠ వేగానికి దగ్గరవుతుందే తప్ప దాన్ని దాటదు. ఇరుసు మీద, దూలం మీద భారం మాత్రం అక్షరాలా రెట్టింపవుతుంది. ఇరుసు విరిగితే ముట్టడి వారాలపాటు ఆగిపోతుంది.

ఇప్పుడు సీసం దగ్గరికి వద్దాం. 6 టన్నుల మట్టికి మూడున్నర ఘనపు మీటర్ల పెట్టె కావాలి, అంటే ఒక చిన్న గదంత. 13వ శతాబ్దపు ఫ్రెంచివాడు విలార్ ద హొనెకూర్ తన పుస్తకంలో ఒక ట్రెబుషే పునాది నక్షా గీసి, దాని మట్టిపెట్టె పొడవు, వెడల్పు, లోతు రాసిపెట్టాడు. అందులో సులువుగా పాతిక టన్నుల మట్టి పడుతుంది. అంత పెట్టె కిందికి ఊగేటప్పుడు నేలకు తగలకూడదు కాబట్టి ఇరుసును ఇంకా పైకెత్తాలి, చట్రం పెంచాలి, కలప పెంచాలి. అదే 6 టన్నుల సీసమైతే అర ఘనపు మీటరు చాలు. పెట్టె చిన్నది, చట్రం మీద చోటు మిగులుతుంది, అదే ఎత్తు నుంచి బరువు ఇంకా కిందికి పడగలదు. చర్చి కప్పుల వెనక ఉన్న లెక్క ఇదీ. ఎడ్వర్డ్‌ది అహంకారం కావచ్చు, అవివేకం మాత్రం కాదు.

ఆ ముట్టడిలోనే ఐదుగురు ప్రధాన వడ్రంగులు, సుమారు 50 మంది పనివాళ్లు కలిసి ‘వార్‌వుల్ఫ్’ అనే మహా యంత్రాన్ని కట్టడం మొదలుపెట్టారు. అది తయారయ్యే వేళకి కోటలోవాళ్లు లొంగిపోతామన్నారు. జులై 20న రాజు ఒప్పుకోలేదు. వార్‌వుల్ఫ్ దెబ్బ కోటకు తగిలేవరకూ తనవాళ్లెవరూ లోపలికి వెళ్లకూడదని, లోపలివాళ్లు ఎలా కాచుకుంటారో కాచుకోమని చెప్పాడు. అంత డబ్బు పోసి కట్టించిన యంత్రం పనితనం చూడాల్సిందేనని పట్టు. చూడ్డానికి రాణి పరివారం కోసం ఊళ్లో ఒక ఇంటికి ప్రత్యేకంగా కిటికీ కూడా పెట్టించాడు. ఓటమి ఒప్పుకున్నవాళ్ల మీద రాళ్లు వేయించి వేడుక చూసిన రాజు అతను.

సుమారు ఆరేళ్లకు, 1310లో, ఇలాంటి రాళ్లే ఓరుగల్లు మీద పడ్డాయి. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడిని వర్ణిస్తూ అమీర్ ఖుస్రో ‘మఘ్రిబీ’ అనే యంత్రాల పేరు చెబుతాడు. బరువుపెట్టెతో పనిచేసే ట్రెబుషేకి ఆ కాలపు అరబ్బీ, పారశీక గ్రంథాల్లో వాడిన పేరు అదేనని చరిత్రకారులు చెబుతారు. కాకతీయుల వైపు నుంచీ రాళ్లు వచ్చాయి. ఓరుగల్లు వెలుపలి మట్టికోట గురించి ఖుస్రో చెప్పింది ఆసక్తికరం. మఘ్రిబీ రాయి తగిలినా పిల్లలాడుకునే కాయలా ఎగిరి వెనక్కి వస్తుందని రాశాడు. కవి కాబట్టి కొంత అతిశయోక్తి ఉండొచ్చు, కానీ అందులో నిజం లేకపోలేదు. రాతిగోడ దెబ్బకు పగులుతుంది, సున్నపు అతుకులు విడిపోతాయి, కింది రాయి కదిలితే పైది కూలుతుంది. దిమ్మెసతో గట్టిపడిన మట్టి పగలదు, దెబ్బను మింగుతుంది. లక్ష జూళ్ల దెబ్బ కూడా అందులో ఒక గుంట పెట్టి ఊరుకుంటుంది. ట్రెబుషే దూరం గెలవగలదు గానీ ప్రతి గోడనూ గెలవలేదు.

తుపాకిమందు ఫిరంగులు నిలదొక్కుకున్నాక ఈ విద్య మెల్లగా మరుగున పడింది. విద్య తెలిసినవాళ్లు పోయాక ఏం జరిగిందో 1521లో మెక్సికోలో కనిపించింది. అజ్‌టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌ను ముట్టడించిన స్పెయిన్ సేనాని కోర్టెస్‌కు మందుగుండు అయిపోవస్తోంది. ఇటలీ యుద్ధాల్లో పనిచేసిన ఒక సిపాయి తనకు రాళ్ల యంత్రం కట్టడం వచ్చని చెప్పాడు. వడ్రంగులు కలప కోసి, రోజుల తరబడి శ్రమించి కట్టారు. మొదటి రాయి పెట్టి వదిలారు. అక్కడే ఉన్న బెర్నాల్ డియాజ్ రాసినదాని ప్రకారం, ఆ రాయి నేరుగా పైకి లేచి యంత్రం ఉన్నచోటే వచ్చి పడింది. 90 డిగ్రీలు. యంత్రానికి బరువు ఉంది, దూలం ఉంది, లేనిదల్లా రాయి ఎప్పుడు వదలాలో తెలిసిన చేయి. వడిసెల మరీ పొట్టిగా ఉన్నా, ములుకు వంపు చాలకపోయినా అచ్చంగా ఇదే జరుగుతుంది.

కోర్టెస్ దాన్ని విప్పేయించాడు. తన రాజుకు రాసిన ఉత్తరంలో యంత్రం పనిచేయలేదని ఒప్పుకుంటూనే, జాలిపడి మిమ్మల్ని చంపకుండా వదిలేశామని శత్రువులకు చెప్పి కప్పిపుచ్చుకున్నామని రాశాడు.